పటం కింద రెండు వరుసలు

ఇంట్లో పెద్దలు గతించాక పటం కట్టించి, దాని కింద ఏమి వ్రాయాలని అడుగుతూ సంఘస్థులు మా దగ్గరకు వస్తుంటారు. వ్రాసినది మేము చదివి చెప్పాలి. "బాగాలేదు, మార్చండి" అంటే వారికి ఏమీ అందదు. ఏ మాట దగ్గర తేడా వచ్చిందో చూపిస్తేనే కలం కదులుతుంది.

గద్వాలలో ఒక నేత కుటుంబంలోని తల్లి పటం సంగతి చెబుతాము. అది 1994 నాటి ఫొటో. ఆమె గుంట మగ్గంలో కూర్చుని చీర నేస్తూ నవ్వుతున్నది. పటం అడుగున రెండు వరుసలకే చోటుంది.

గద్వాలలో ఉన్న పెద్ద కొడుకు మొదట వ్రాసి తెచ్చాడు: "పూజ్యురాలైన మా మాతృమూర్తి గారి పవిత్ర స్మృత్యర్థము." మేము ఒక్కటే అడిగాము: "ఇంట్లో ఆమెను ఏమని పిలిచేవారు బాబూ?" "అమ్మా అనే, అయ్యగారూ." ఆ మాటే వ్రాయమన్నాము. పైగా ఆ వాక్యాన్ని ఏ తల్లి పటం కిందనైనా పెట్టవచ్చు. ఫొటోను చేత్తో మూసి చదివితే ఆ సంగతి తెలిసిపోతుంది.

వనపర్తిలో కాపురమున్న కూతురు రెండోది వ్రాసింది: "దారాలు చూసి చూసి చూపు పోగొట్టుకుని, మమ్మల్ని కన్నీళ్లలో విడిచిన అమ్మ." ఆ మాటలు నిజమే. అయితే చూపు పోయింది చివరి రోజుల్లో. "ఈ పటంలో నవ్వుతున్నది గదా తల్లీ, ఆ నాటి మాట వ్రాయి" అన్నాము. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి అమ్మ పడ్డ కష్టం ఎవరికి తెలుస్తుందయ్యా?" అని అడిగింది. ఆ ప్రశ్నను త్రోసివేయలేము.

దానికి జవాబుగా నాగర్‌కర్నూలులో ఉన్న చిన్న కొడుకు ఆరు వరుసలు పంపాడు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండింటి పేకలను వరుస వరుసకూ ఒకదానితో ఒకటి మెలివేసి కలపాలి. దీన్నే కుప్పడం అంటారు. ఒంటికొకటి, అంచులకు రెండు, మూడు నాడెలు నడవాలి గనుక పక్కన ఇంకొకరి చేయి సాయం ఉంటుంది. ఇదంతా వ్రాశాడు.

చదవడానికి బాగానే ఉంది, పటానికి పట్టదు. ఫొటోలో కనబడేదంతా కొట్టివేయమన్నాము. మగ్గం పోయింది, గుంట పోయింది, నవ్వు పోయింది. ఫొటో చెప్పలేనిది ఏది మిగిలిందని వెదికితే, అంచు దగ్గర ఒక చిన్న చేయి కనబడింది. ముఖం లేదు. "అది నాదే" అన్నది కూతురు.

చివరకు ఇలా కుదిరింది:

"అమ్మ కుప్పడం చీర నేస్తున్నది.
నాడె అందిస్తున్న చేయి కూతురిది. గద్వాల, 1994."

పటం కట్టించక ముందు, చదువురాని పక్కింటి అవ్వకు వినిపించాము. ఆమె పటంలోని ఆ చేతిని వేలితో తాకి, "ఈ పిల్ల ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నది?" అని అడిగింది.