ర్యామ్ కొన్నాక తెలిసింది

అన్నలూ, మా ఇంట్లో పదిహేనేళ్ల నాటి డెస్క్‌టాప్ ఉంది, కోర్ 2 డుయో ప్రాసెసర్‌ది. డ్రోన్‌తో తీయించిన పొలం ఫొటోలు కలిపి మ్యాప్ చేద్దామని ఒక ప్రోగ్రాం వేశా. ఇన్‌స్టాల్ చక్కగా అయింది. ఐకాన్ నొక్కితే మాత్రం ఇలా మెరిసి అలా మాయం! మూడుసార్లు తీసి మళ్లీ వేశా, అదే తంతు. షాపాయన మాట విని ర్యామ్ కూడా కొన్నా. పద్దెనిమిది వందలు పోయాయి.

పండక్కొచ్చిన మా మేనల్లుడు ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అప్లికేషన్ లాగ్‌లో ఎర్ర గుర్తున్న లైను చూపించాడు.

```
Exception code: 0xc000001d
```

"మామయ్యా, ఈ ప్రాసెసర్‌కి తెలియని ఆదేశం ఇచ్చింది ప్రోగ్రాం. అందుకే ఆగిపోతోంది" అన్నాడు. ఆ ఆదేశాల పేరు `AVX`. ఒక్క దెబ్బకి ఎనిమిది లెక్కలు చేసేవి. ఇంటెల్ చిప్పుల్లోకి 2011లో వచ్చాయి, నాది అంతకు ముందుది. చిప్పులోనే ఉండాలి గానీ ర్యామ్ పెంచినా, విండోస్ మార్చినా రావు. ఇన్‌స్టాల్ అంటే ఫైళ్లు కాపీ చేయడమే కదా, అందుకే అక్కడ తేడా తెలియలేదు.

సెకండ్ హ్యాండ్‌ది కొనేవాళ్లు సంవత్సరం ఒక్కటే చూసి మోసపోకండి. 2011 తర్వాతి పెంటియం, సెలెరాన్‌లలో కూడా చాలావాటికి ఇది లేదు. `CPU-Z` తెరిచి `Instructions` లైన్లో `AVX` ఉందో లేదో చూసి డబ్బులివ్వండి.

నేనైతే అది అడగని పాత వెర్షన్ వెతికి వేసుకున్నా. రాత్రి పెడితే తెల్లారేసరికి మ్యాప్ వచ్చింది. ర్యామ్ మాత్రం షాపాయన వెనక్కి తీసుకోనన్నాడు.