చల్లారిన పాయా

పెద్ద కొడప్‌గల్‌లో మా మామూకి చిన్న హోటల్ ఉండేది. ఒక చలికాలం పొద్దున గల్లా దగ్గర నేను కూర్చున్నాను. ఒక మెహమాన్ "పాయా చల్లగుంది" అన్నాడు. "బిల్లు సగం తగ్గిస్తా భాయ్" అనేశాను. ఆయన మొహం ఇంకా ముడుచుకుంది. "నేను పైసలడిగానా?"

మామూ వచ్చాడు. "మాఫ్ కరో భాయ్, ఐదు నిమిషాలు" అని రకాబీ తీసుకున్నాడు, అడుగు తాకి చూశాడు. తిన్నదాన్ని మళ్లీ వేడి చేయలేదు. దేగ్చీలో మరుగుతున్న శోర్వా వేరే రకాబీలో పోశాడు. నాన్ కూడా మార్చాడు, పాతది ఈలోపు గట్టిపడుతుంది కదా. ఆయన రెండు ముద్దలు తిన్నాక వెళ్లి, "ఇప్పుడు ఠీక్ హై నా?" అని అడిగాడు.

తర్వాత నాతో అన్నాడు: "ఆకలితో ఉన్నోడికి ముందు సాలన్ ఇవ్వాలి బేటా. రెండోసారీ చల్లగుంటేనో, వద్దని లేస్తేనో పాయా పైసలు మొత్తం తీసెయ్. సగం కాదు."

దేగ్చీ వేడిగానే ఉంది. రాత్రంతా చలికున్న స్టీలు రకాబీలే వేడిని లాగేశాయి, కొవ్వు పైన పేరుకుంది. సగం బిల్లుతో ఆయన్ని పంపేసి ఉంటే ఇది తెలిసేదే కాదు. ఆ రోజు నుంచి రకాబీలు వేడినీళ్లలో ముంచి, తుడిచాకే వడ్డించాం.

ఆయన పూర్తి బిల్లు కట్టి, చాయ్ కూడా తాగి పోయాడు.