తాత సోడాప్పు లెక్క

మా చిత్తూరు పక్క పల్లెల్లో కడుపు మంటకు మందు వంటింట్లోనే ఉంటుంది. ఊరుబిండి ఘాటెక్కినా, పుల్ల తేన్పులొచ్చినా, గ్లాసు నీళ్లలో అర చెంచా సోడాప్పు. మా తాతకు ఇది మూడు పూటలా అలవాటు. “రవ్వంత సోడాప్పు కలిపీ అబ్బీ, మంటగా ఉండాది” అనేవాడు. తాగిన ఐదు నిమిషాలకు పెద్ద తేన్పు, మంట మాయం. అందులో మాయేమీ లేదు, మన ఫస్టియర్ కెమిస్ట్రీనే:

NaHCO3 + HCl → NaCl + H2O + CO2

ఆ తేన్పు ఈ కార్బన్ డయాక్సైడే. అర చెంచా అంటే సుమారు 2.5 గ్రాములు, అంటే 30 మిల్లీమోల్స్. అంతే ఆమ్లాన్ని అది చంపేస్తుంది.

మరి గంట తిరిగేసరికి మంట మళ్లీ ఎందుకొస్తుంది? ఓవర్‌హెడ్ ట్యాంకులో ఫ్లోట్ వాల్వ్ గుర్తు తెచ్చుకోండి. కడుపులో ఆమ్లం చాలినంత ఉంటే గ్యాస్ట్రిన్ అనే హార్మోను తగ్గుతుంది. సోడా ఆ ఆమ్లాన్ని తీసేస్తే, ట్యాంకు ఖాళీ అయిందనుకుని గ్యాస్ట్రిన్ పెరుగుతుంది, ఆమ్లం మళ్లీ ఊరుతుంది. సోడా మాత్రం కడుపులో ఎక్కువసేపు నిలవదు, త్వరగా పేగుల్లోకి జారిపోతుంది. వాల్వ్ తెరుచుకునే ఉంది, అడ్డుకునేది వెళ్లిపోయింది. అందుకే ఇంకో అర చెంచా.

అసలు చిక్కు రక్తంలో. కడుపు ఆమ్లం తయారుచేసినప్పుడల్లా అంతే బైకార్బొనేట్ రక్తంలోకి చేరుతుంది. మామూలుగా ఆ ఆమ్లం పేగుల్లోకి దిగాక, దాన్ని చల్లార్చడానికి క్లోమం బైకార్బొనేట్ ఖర్చుపెడుతుంది, లెక్క సరిపోతుంది. సోడా ముందే ఆమ్లాన్ని చంపేస్తే ఆ ఖర్చు మిగిలిపోతుంది, రక్తంలో క్షారం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు మిగులును బయటికి పంపేస్తాయి. కానీ మూత్రపిండాలు బలహీనమైనా, వాంతులవుతున్నా, ఒంట్లో నీరు తీసే బీపీ మాత్రలు వాడుతున్నా ఆ పని సరిగ్గా సాగదు. అదే ఆల్కలోసిస్. వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరి, పిక్కలు పట్టేయడం, మరీ ముదిరితే మాట తడబడి అయోమయం.

తాత వాడేది ఆ నీరు తీసే మాత్రే. వేళ్లు తిమ్మిరి అంటే అందరం షుగరేమో అనుకున్నాం. డాక్టరు మాత్రం “సోడా ఏమైనా తాగుతావా పెద్దాయనా?” అని అడిగి, రక్తంలో బైకార్బొనేట్, పొటాషియం చూపించమన్నాడు. మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ.

ఇంకో లెక్క నేను ఇంటికొచ్చాక వేశాను. మూడు పూటలకు 7.5 గ్రాముల సోడా. అందులో సోడియం దాదాపు 2 గ్రాములు, అంటే 5 గ్రాముల ఉప్పుతో సమానం. రోజు మొత్తానికి ఉప్పు అంతకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బీపీ అని అవ్వ కూరలో తగ్గించిన ఉప్పంతా గ్లాసులో తిరిగొస్తోంది!

ఎప్పుడో ఒకరోజు అర చెంచా తాగితే భయపడాల్సిన పని లేదు. రోజూ కావాల్సి వస్తే, రెండు వారాలు దాటినా మంట తగ్గకపోతే, కారణం అల్సర్ కూడా కావచ్చు. అప్పుడు పరీక్ష చేయించుకోవాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే మాత్రల జాబితా డాక్టరుకు చెప్పేటప్పుడు సోడాప్పును కూడా అందులో చేర్చండి. మందుల షాపులో కొనలేదు కాబట్టి వాళ్లంతట వాళ్లు చెప్పరు.