లెవెల్ పది అంటే ఎంత?

“సైంటిస్ట్-బి అంటే మీరు రీసెర్చ్ చేసేవారా?” 2024 మొదట్లో నాకు ఫోన్ చేసిన రిక్రూటర్లలో చాలామంది మొదట అడిగిన ప్రశ్న ఇదే. కాదండీ, సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి అంటే, మరి సైంటిస్ట్ అని ఎందుకుంది అని రెండో ప్రశ్న. కేంద్ర ప్రభుత్వ సాంకేతిక విభాగాల్లో జావా రాసేవాళ్ళకీ, సర్వర్లు చూసుకునేవాళ్ళకీ కూడా ఇదే హోదా ఉంటుంది. 2019 చివర్లో చేరినప్పుడు ఆ పేరు విని ఇంట్లో మురిసిపోయారు. బయటికి వద్దామనుకునేసరికి అదే పేరు అడ్డం పడింది.

నేను పుస్తకాల మీద అప్పుడప్పుడూ రాస్తుంటాను కాబట్టి అనువాదాల గురించి గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. రెజ్యూమే దగ్గర అవన్నీ పనికొచ్చాయి. మూలంలో ఉన్న పేరుని మార్చకూడదు, కానీ చదివేవాడికి అర్థం కాకుండా వదిలేయకూడదు. హోదా విషయంలో ఇది నీతిసూత్రం కాదు, అక్షరాలా అవసరం. కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయించినప్పుడు వాళ్ళ చేతికి వచ్చేది రిలీవింగ్ ఆర్డరు, సర్వీస్ సర్టిఫికెట్. వాటిలో ‘సైంటిస్ట్-బి’ అనే ఉంటుంది. రెజ్యూమేలో సొంతంగా ‘సీనియర్ డెవలపర్’ అని పెట్టుకుంటే రెండూ కలవవు. అందుకని హోదా ఉన్నదున్నట్టు రాసి, దాని కిందే చిన్న అక్షరాలతో ‘వెబ్ అప్లికేషన్ల అభివృద్ధి, నిర్వహణ, ఇద్దరు కాంట్రాక్టు డెవలపర్ల పని పర్యవేక్షణ’ అని ఒక వాక్యం చేర్చాను. ఆ తర్వాత రీసెర్చ్ ప్రశ్న దాదాపు ఆగిపోయింది.

‘గ్రూప్-ఎ గెజిటెడ్’ అన్న మాట మాత్రం తీసేశాను. గవర్నమెంట్ లోపల అది చాలా చెప్తుంది. బయట ఏమీ చెప్పదు.

తర్వాత జీతం. ఇక్కడ అనువాదం తప్పితే నేరుగా డబ్బు పోతుంది. లెవెల్ పది స్కేలు 56,100 నుంచి 1,77,500. రెజ్యూమేలో ఈ స్కేలు రాస్తే హెచ్‌ఆర్ వాళ్ళు చదివే పద్ధతి రెండు రకాలు. ఒకటి, అది మీరు ఆశిస్తున్న జీతం అనుకుంటారు. రెండు, మొదటి అంకె మాత్రమే చూసి, అదే మీ నెల జీతం అనుకుంటారు. నిజానికి ఆ రెండో అంకె దగ్గరికి చేరాలంటే ఏడాదికి ఒక మెట్టు చొప్పున ఆ లెవెల్లోనే దాదాపు నలభై ఏళ్ళు ఉండాలి.

2016 ముందు చేరినవాళ్ళకి ఇంకో చిక్కు. వాళ్ళు ఇప్పటికీ ‘గ్రేడ్ పే 5,400’ అంటారు. ఏడో వేతన సంఘం గ్రేడ్ పేలు తీసేసి లెవెల్స్ పెట్టింది. అయితే పాత పద్ధతిలో 5,400 రెండు పే బ్యాండ్లలోనూ ఉండేది. పే బ్యాండ్-2లో ఉన్నవాళ్ళు లెవెల్ తొమ్మిదికి వచ్చారు, పే బ్యాండ్-3 వాళ్ళు లెవెల్ పదికి. కాబట్టి గ్రేడ్ పే ఒక్కటే రాస్తే లోపలివాళ్ళకి కూడా ఎక్కడున్నారో తెలీదు.

నా లెక్క చూడండి. నాలుగు ఇంక్రిమెంట్ల తర్వాత నా బేసిక్ 63,100. 2024 జనవరి నుంచి డీఏ 50 శాతం, అంటే 31,550. డీఏ 50కి చేరినందువల్ల హైదరాబాద్ లాంటి ఎక్స్ కేటగిరీ ఊళ్ళలో హెచ్‌ఆర్‌ఏ 30 శాతమైంది, అంటే 18,930. రవాణా భత్యం 7,200, దాని మీద డీఏ కలిపి 10,800. మొత్తం నెలకి 1,24,380. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ప్రైవేటు కంపెనీ సీటీసీ అన్నప్పుడు యజమాని కట్టే పీఎఫ్ వాటా కూడా మామూలుగా అందులో ఉంటుంది. దానికి సమానమైనది మనకి ఎన్‌పీఎస్‌లో ప్రభుత్వం వేసే 14 శాతం. బేసిక్, డీఏ కలిపి 94,650 మీద అది 13,251. ఇది కూడా చేరిస్తే నెలకి 1,37,631. ఏడాదికి 16 లక్షల 51 వేల చిల్లర.

బేసిక్‌ని పన్నెండుతో గుణిస్తే వచ్చేది 7 లక్షల 57 వేలు. ఆ అంకె మీద 30 శాతం హైక్ ఇస్తామంటే పది లక్షలు కూడా దాటదు. అంటే పండగ చేసుకుంటూ జీతం తగ్గించుకోవడం! అందుకే ‘ప్రస్తుత సీటీసీ’ అన్న గడిలో మొత్తం వేసి, పక్కన తేదీ కూడా రాశాను. డీఏ ఏడాదికి రెండుసార్లు మారుతుంది కదా. వైద్య సదుపాయాన్ని మాత్రం డబ్బుగా మార్చి కలపలేదు. ఏ రసీదుతోనూ రుజువు చేయలేని అంకె అది. దాని సంగతి ఆఫర్ మాట్లాడేటప్పుడు నోటితో చెప్పాను.

అన్నిటికన్నా కష్టం చేసిన పనిని రాయడం. ఫైళ్ళ భాషలో ‘నేను’ ఉండదు. ‘పరిశీలించడమైనది’, ‘ఆమోదానికి సమర్పించడమైనది’. నాలుగేళ్ళు అలా రాశాక మనం ఏం చేశామో మనకే గుర్తుండదు. నా పనుల జాబితాలో ఒక వాక్యం ఇది: ‘శాఖ అప్లికేషన్ల సెక్యూరిటీ ఆడిట్‌కి నోడల్ ఆఫీసర్‌గా వ్యవహరించడమైనది.’ బయటివాడికి నోడల్ ఆఫీసర్ అంటే ఉత్తరాలు అటూ ఇటూ పంపే మనిషి. కొన్నిసార్లు నిజంగానే అంతే కూడా. కాబట్టి ప్రతి వాక్యాన్నీ మూడు ప్రశ్నలు అడిగాను. ఇందులో నా చేతులతో చేసినదేంటి? ఇంకొకరితో చేయించినదేంటి? నేను లేకపోతే ఏది ఆగేది?

జవాబులు రాసుకున్నాక ఆ వాక్యం ఇలా మారింది: ‘తొమ్మిది వెబ్ అప్లికేషన్లకి సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న ఆడిటర్‌తో పరీక్షలు చేయించాను, మూడింటిలో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపాలు స్వయంగా సరిచేశాను, మిగతావాటిలో కాంట్రాక్టు డెవలపర్లతో సరిచేయించి, అన్నిటికీ హోస్టింగ్ సర్టిఫికెట్ తెచ్చాను.’ ఇంటర్వ్యూలో ఎవరైనా గుచ్చి అడిగితే నిలబడే వాక్యం ఇది. టెండరు కమిటీ పని కూడా ఇలాగే కుదించాను. సాంకేతిక మూల్యాంకనంలో సభ్యుణ్ణి, అంతే. కొన్నది కమిటీ, సంతకం పెట్టింది పైవాళ్ళు. టెండరు విలువ పెట్టుకుని ‘ఇన్ని కోట్ల కొనుగోలు నడిపాను’ అనడం అనువాదం కాదు, కల్పన. పైగా కంపెనీల పేర్లూ, సర్వర్ల వివరాలూ బయట రాయాల్సినవి కావు.

ఒక్క పని మాత్రం చాలాకాలం ఎక్కడా ఇమడలేదు. ఓ వెండర్ ఇచ్చిన అప్లికేషన్ లోడ్ టెస్టులో రెండుసార్లు పడిపోయింది. బిల్లు పాస్ చేయమని అందరూ తొందరపడుతుంటే, స్వీకరించలేమని నోట్ ఫైల్లో రాశాను. చెల్లింపు రెండు నెలలు ఆగింది. మూడోసారి టెస్టు నిలబడింది. రెజ్యూమేలకి ‘పెంచాను’, ‘నిర్మించాను’ లాంటి క్రియలే ఇష్టం. ‘ఆపాను’ అంటే వైఫల్యంలా వినిపిస్తుంది. అయినా అలాగే రాశాను. చివరికి ఉద్యోగం వచ్చిన చోట ఇంటర్వ్యూలో సగం సేపు ఆ ఒక్క లైను మీదే నడిచింది.

ఆఫర్ లెటర్ నాన్నకి చూపించాను. ఆయన రాష్ట్ర ప్రభుత్వంలో రిటైరయ్యారు. ‘సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, గ్రేడ్ ఇ-4’ అని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి అడిగారు.

“ఇ-4 అంటే లెవెల్ ఎంతరా?”

చెప్పడానికి ప్రయత్నించాను. ఆ వైపు అనువాదం ఇంకా కుదరలేదు.