ఆ అయిదు వ్యాసాలు ఏమయ్యాయి?



‘14 పరిశోధనలను సమీక్షించి తేల్చిన నిజం’ వంటి వార్తలు మీరు చదివే ఉంటారు. ఆ 14 ఎన్నింటిలో నుంచి మిగిలాయి, తక్కినవి ఎందుకు పోయాయి అన్నది మాత్రం మనం సాధారణంగా చూడము. ఈమధ్య మా మనవరాలి పుణ్యమా అని నేను ఒక సాయంత్రమంతా అదే చూడవలసి వచ్చింది.

ఆ అమ్మాయి వైద్యంలో పీజీ చేస్తోంది. గ్రామీణులలో రక్తపోటుపై వెలువడిన పరిశోధనలను వెదకి ఒక క్రమబద్ధ సమీక్ష రాసింది. సెలవులకు రాజమహేంద్రవరం వచ్చినప్పుడు ఆ ప్రతిని నా చేతిలో పెట్టింది. అటువంటి సమీక్షలో ‘ప్రిస్మా’ అనే గడుల పటం ఒకటి ఉంటుంది. ఎన్ని వ్యాసాలు దొరికాయి, ఏ దశలో ఎన్ని తొలగించారు, చివరకు ఎన్ని మిగిలాయి అన్నది అది చెబుతుంది. 2009లో వచ్చిన ఆ పద్ధతిని సవరించి 2021లో మళ్లీ ప్రచురించారు.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన రోజులలో మందుల స్టాకు రిజిస్టరు చూసిన అలవాటుతోనే ఆ పటాన్ని చూశాను. వచ్చినవి, ఖర్చయినవి, నిల్వ ఉన్నవి సరిపోవాలి. పై గడులు సరిపోయాయి. రెండు డేటాబేసులలో 412, 386 చొప్పున మొత్తం 798 రికార్డులు దొరికాయి. రెండుచోట్లా కనబడిన 214 తీసివేస్తే 584. శీర్షిక, సారాంశం చదివి 521 తొలగిస్తే 63.

లెక్క అక్కడే తప్పింది. ‘పూర్తిగా చదివినవి 63, తొలగించినవి 44, చేర్చినవి 14’ అని ఉంది. 63లో 44 పోతే 19 ఉండాలి కదా!

“అయిదే కదా తాతయ్యా, ఎక్కడో కూడికలో తప్పి ఉంటుంది” అంది.

“కూడిక తప్పయితే దిద్దుదాం. వ్యాసాలే తప్పిపోతే?” అన్నాను. తన ఫలితానికి అడ్డువచ్చిన అయిదు వ్యాసాలను ఎవరైనా చడీచప్పుడు లేకుండా పక్కన పెట్టినా, పటం ఇలాగే కనిపిస్తుంది. చదివేవారికి ఆ తేడా తెలిసే దారి లేదు.

ఇద్దరం ఆమె జాబితాను వరుసగా చూశాము. మూడు సంగతులు బయటపడ్డాయి.

మొదటిది, 63లో 4 వ్యాసాల పూర్తి పాఠం ఆమెకు దొరకనే లేదు. దొరకనిది చదివినట్టు కాదు. దానికి పటంలో వేరే గడి ఉంది. కాబట్టి చదివినవి 59 మాత్రమే.

రెండవది, తొలగించిన కారణాలు. పట్టణవాసులపై చేసినవి 18, రక్తపోటు కొలవనివి 15, పెద్దలపై కానివి 11, వెరసి 44 అని వేసింది. కాని రెండు వ్యాసాలకు రెండేసి కారణాలు ఉండడంతో వాటిని రెండుసార్లు లెక్కపెట్టింది. కారణాలు 44 అయినా వ్యాసాలు 42. కారణాల వరుసను ముందే నిర్ణయించుకొని, ఒక్కో వ్యాసానికి మొదట తగిలిన కారణమొక్కటే వేస్తే ఈ చిక్కు రాదు.

59లో 42 పోతే 17 మిగలాలి. ఆమె వేసింది 14. మూడవ సంగతి ఇదే, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. అధ్యయనం వేరు, దానిపై వచ్చిన వ్యాసం వేరు. ఆమె జాబితాలో ఒక అధ్యయనానికి మూడు వ్యాసాలు, మరొకదానికి రెండు ఉన్నాయి. అందువల్ల 17 వ్యాసాలు, 14 అధ్యయనాలు. ఆమె 14 అన్నది నిజమే, కాని 17ను ఎక్కడా చెప్పలేదు.

ఇందుకు మన డెల్టాలోనే ఉదాహరణ ఉంది. ‘ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్’ పేరిట ఉభయ గోదావరి జిల్లాలలో 45 గ్రామాల మరణాలను పరిశీలించిన వ్యాసం 2006లో వచ్చింది. అదే కార్యక్రమంలో 20 గ్రామాలలో 30 ఏళ్లు దాటిన 4,535 మందిని పరీక్షించారు. ఆ సర్వేపై చక్కెర వ్యాధి గురించి ఒక వ్యాసం, గుండె జబ్బుల గురించి మరొకటి, ఇలా విడివిడిగా వచ్చాయి. వాటిని రెండు అధ్యయనాలుగా తీసుకుంటే 4,535 మంది 9,070 మంది అవుతారు. మన పొరుగు రైతు రక్తపోటు రెండుసార్లు లెక్కకు ఎక్కి, సగటును తనవైపు లాగుతుంది.

పటం దిద్దిన తరువాత ఒక్క వరుసలో సరిచూశాము:

798 = 214 + 521 + 4 + 42 + 17

దొరికిన ప్రతి రికార్డుకూ ఒక్కటే గమ్యం. రెండు ఉండకూడదు, ఏదీ లేకుండానూ ఉండకూడదు. సారాంశంలోనూ, వ్యాసంలోనూ, పట్టికలోనూ ఇవే అంకెలు ఉండాలి.

లెక్క సరిపోయినంత మాత్రాన సమీక్ష మంచిదని కాదు. వెదకడమే సరిగా లేకపోతే, అంకెలు ఎంత చక్కగా కలిసినా ప్రయోజనం లేదు. లెక్క తప్పితే మాత్రం ఏదో ఒక వ్యాసం జాడ తెలియడం లేదన్న మాట. ఆ దొరకని నాలుగు వ్యాసాల కోసం మనవరాలు వాటి రచయితలకు ఉత్తరాలు రాసింది. ఏ ఒక్కటి వచ్చినా పటం మళ్లీ లెక్కించాలి.