ఎనిమిదంటే ఐట్

నజ్మాలో మా ఫ్లాట్‌లో ఉండే తమ్ముడు ఒకడున్నాడు. తమ్ముడంటే వరసకి కాదు, కాకినాడ నుంచి వచ్చిన రూమ్మేటు. ఆస్ట్రేలియా పీఆర్ కోసం ఐఈఎల్‌టీఎస్ రాయాలి. నాలుగు విభాగాల్లోనూ 7 వస్తే 10 పాయింట్లు, 8 వస్తే 20. లిజనింగ్‌లో మొత్తం 40 ప్రశ్నలు. అందులో సుమారు 30 సరైతే 7, 35 సరైతే 8. వాడి ప్రాక్టీసు ఎప్పుడూ 31 దగ్గరే ఆగిపోయేది.

"అన్నా, మా మేనేజర్లు మాట్లాడితే ఒక్క ముక్క పోదు. ఇది మాత్రం ఎందుకో ఎక్కట్లేదు" అన్నాడు.

వాడి ఆఫీసులో పైవాళ్ళంతా ఇంగ్లండ్ వాళ్ళు. బయటికొస్తే వినపడేది మలయాళం, హిందీ, అరబీ. సూక్ హరాజ్‌లో పాత మంచం బేరమాడ్డానికి ఆస్ట్రేలియన్ ఇంగ్లీషు అక్కర్లేదు కదా! అంటే ఆరేళ్ళుగా వాడి చెవికి తెలిసిన ఇంగ్లీషు యాస ఒక్కటే. పరీక్షలో బ్రిటిష్ వాళ్ళతో పాటు ఆస్ట్రేలియన్లు, అమెరికన్లు కూడా మాట్లాడతారు, రికార్డింగు ఒక్కసారే వేస్తారు.

వాడు పోగొట్టుకుంటున్నవి ఎక్కడో చూద్దామని ఇద్దరం కూర్చున్నాం. ఉపన్యాసాల్లో కాదు, అందరూ తేలికనుకునే మొదటి భాగంలో. ఫోన్‌లో ఎవరో అడ్రసు చెబుతుంటే రాసుకోవడం లాంటివన్న మాట. ఒక ఆస్ట్రేలియన్ ఆవిడ ఇంటి నంబరు 8 అని, వీధి పేరు 'హేస్' అని, దాన్ని అక్షరాలుగా కూడా చెప్పింది. మావాడు హెచ్ తర్వాత ఐ రాశాడు. ఆవిడ చెప్పింది ఏ. 'ఎయిట్' వాడికి 'ఐట్'గా వినపడి, అదేదో పదం అనుకుని వదిలేశాడు.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ యాసలో 'ఏ' ఒక్కటే 'ఐ' వైపు జరగదు. అసలు 'ఐ' కూడా తన చోటు ఖాళీ చేసి 'ఆయ్', 'ఒయ్' వైపు పోతుంది. బస్సులో ఒకరు జరిగితే పక్కవాళ్ళూ జరిగినట్టు. అందుకని ఒక్కొక్క పదం బట్టీ పట్టక్కర్లేదు. పలకరింపుల్లో వచ్చే 'డే', 'నేమ్', 'రైట్', 'ఫైన్' లాంటి మాటలు పట్టుకుంటే చాలు. 'ఫైన్' కాస్త 'ఫోయ్న్'లా వినపడితే, ఆ మనిషి నోట వచ్చే 'ఐ' మన 'ఏ' అని ముందే లెక్క కట్టుకోవచ్చు. అయితే పరీక్షలో వినిపించే యాస అంత ముదురుగా ఉండదు, మెత్తగానే ఉంటుంది.

అమెరికన్ల సంగతి వేరు. అచ్చుల మధ్య 'ట' వాళ్ళ నోట్లో తేలికపాటి 'డ' అయిపోతుంది. 'మీటింగ్' 'మీడింగ్' అవుతుంది. చిక్కల్లా 13, 30ల దగ్గర అనుకుంటాం గానీ, నిజానికి అక్కడ ఇది మేలే చేస్తుంది. 'థర్డీ' అంటే 30. 'ట' గట్టిగా, స్పష్టంగా వినపడితే 13. మావాడు ఇది తెలిసిన రోజు గంతులేశాడు. ఇంకొకటి, జెడ్‌ని వాళ్ళు 'జీ' అంటారు, తొందరలో అది 'సీ'లా వినపడుతుంది.

సాధనకి కేంబ్రిడ్జ్ ప్రాక్టీసు పుస్తకాలు వాడాం. వాటి వెనక ఆడియోలో మాట్లాడినదంతా అచ్చువేసి ఉంటుంది. మొదటి భాగం ఒక్కటే, ఆపకుండా ఒకసారి విని రాయడం. తర్వాత పుస్తకం తెరిచి, పోయిన మాట పక్కన తనకి ఎలా వినపడిందో తెలుగు అక్షరాల్లో రాసుకోవడం. ఇంగ్లీషు స్పెల్లింగులో ఆ తేడా కనపడి చావదు, మన లిపిలో వెంటనే తెలిసిపోతుంది. వారం తిరిగేసరికి నోట్‌బుక్కులో 'ఐ'లు బారులు తీరాయి.

ఈ నోట్‌బుక్కుతో ఇంకో సంగతి కూడా తేలుతుంది. అచ్చులో చదివినా ఆ మాటకి అర్థం తెలియకపోతే తప్పు యాసది కాదు, పదాలు చాలక. చదవగానే తెలిసిపోతే అది చెవి సంగతి. మావాడి 9 తప్పుల్లో రెండు స్పెల్లింగువి, ఒకటి తెలియని పదం. మిగతా ఆరే ఈ సాధనకి లొంగేవి.

నాలుగైదు రోజులు ఒకే యాస విని, తర్వాత కలిపి వినడం మేలనిపించింది. విన్న వాక్యాన్ని అదే యాసలో గట్టిగా అనాలి కూడా. కొత్త యాసని అనుకరించినవాళ్ళకి అది బాగా అర్థమవుతుందని, ఊరికే విన్నవాళ్ళకీ విని రాసుకున్నవాళ్ళకీ అంత లాభం లేదని 2010లో డచ్ వాళ్ళ మీద చేసిన ఒక ప్రయోగంలో తేలింది. మంచాలు ఆనించి వేసిన గదిలో రాత్రి పదింటికి "గుడ్ డై" అని అరుస్తుంటే మిగతావాళ్ళు ఏమనుకున్నారో అడక్కండి.

లిజనింగ్‌లో 8 వచ్చింది. రైటింగ్ మాత్రం 6.5. మళ్ళీ రాయాలి, ఈసారి చెవులతో పని లేదు.