మంగళవారం మధ్యాహ్నం, 2.10 నుంచి 2.45 దాకా

యలహంక న్యూ టౌన్‌లో మేముండే వీధిలో కన్నడంతో సమానంగా తెలుగు వినబడుతుంది. హిందూపురం, పెనుకొండ, మదనపల్లె వైపు నుంచి చదువు కోసమో ఉద్యోగం కోసమో వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి లోను, పిల్లల స్కూలు ఫీజు అందరికీ ఉన్నవే. ఈ మధ్య వాటికి మంగళవారం కూడా తోడైంది. 2025 సెప్టెంబరు నుంచి నిఫ్టీ వారపు ఆప్షన్ల ఎక్స్‌పైరీ గురువారం నుంచి మంగళవారానికి మారింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక స్క్రీన్ మీద ఆఫీసు మీటింగు, ఇంకో స్క్రీన్ మీద ఆప్షన్ చైన్. మా పై అంతస్తులో ఉండే హిందూపురం అబ్బాయి చేసేదీ అదే.

2025 చివర్లో ఒక మంగళవారం రాత్రి అతను ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికి వచ్చాడు. "అన్నా, అన్నీ పద్ధతిగానే చేసినాను. స్టాప్‌లాస్ కూడా పెట్టినాను. ఎక్కడ తప్పు చేసినానో నువ్వు చూసి చెప్పు" అన్నాడు. ఇద్దరం కూర్చుని ఆర్డర్ బుక్‌ను నిమిషం నిమిషం చదివాం. ఎక్స్‌పైరీ రోజు గురించి నేను నేర్చుకున్నదంతా ఆ రాత్రిదే. అంకెలను కాస్త గుండ్రంగా చేసి చెబుతాను.

మధ్యాహ్నం 2.10. నిఫ్టీ 25,000 దగ్గర ఉంది. పొద్దుటి నుంచి పెద్దగా కదలిక లేదు. అతను 25,050 కాల్ నాలుగు లాట్లు 7 రూపాయలకు అమ్మాడు. అప్పటి లాట్ 75, అంటే మొత్తం 300. చేతికొచ్చిన ప్రీమియం 2,100 రూపాయలు. ఇందుకోసం ఖాతాలో కదలకుండా ఉండాల్సిన మార్జిన్ తొమ్మిది, పది లక్షలు. గంటన్నర లోపు నిఫ్టీ ఇంకో యాభై పాయింట్లు పెరగకపోతే ఆ 2,100 పూర్తిగా అతనిదే.

ఈ వ్యాపారం ఇంతమందిని ఎందుకు లాగుతోందో తెలియాలంటే నిఫ్టీ కదలకుండా ఉంటే ఏమవుతుందో చూడాలి. అక్కడే 25,000 దగ్గర నిలబడితే, 7 రూపాయల కాల్ ఇరవై నిమిషాల్లో 4కి వస్తుంది. ఇంకో పావుగంటకు 2కి దిగుతుంది. అంటే అరగంట దాటేసరికి అమ్మినవాడికి రావాల్సిన డబ్బులో మూడింట రెండు వంతులు వచ్చేసినట్టే. నెలాఖరు ఆప్షన్‌లో ఇలా కరగడానికి వారాలు పడుతుంది. ఇక్కడ మీటింగు ముగిసేలోపే కళ్లముందే కరుగుతుంది. పైగా పదిసార్లు అమ్మితే దాదాపు ఎనిమిదిసార్లు ఇలాగే జరుగుతుంది. ఆరేడు మంగళవారాలు వరసగా డబ్బొచ్చినవాడికి తనకు పని వచ్చేసిందని అనిపించడంలో వింతేముంది? సంత ప్రతివారం అతన్ని మెచ్చుకుంటూనే ఉంది కదా.

కొనేవాడి ఆశ ఇంకో రకం. అతను 7 రూపాయలు పెట్టి, నిఫ్టీ వంద పాయింట్లు పెరిగితే యాభైకి అమ్ముకుంటాడు. అరగంటలో ఏడింతలు. ఆప్షన్లో తప్ప ఇంకెక్కడా ఇది కుదరదు. ఆప్షన్లో కూడా ఆఖరి రోజు తప్ప కుదరదు. దానికి కారణం గామా.

నిఫ్టీ ఒక పాయింటు కదిలితే ఆప్షన్ ధర ఎంత కదులుతుందో చెప్పేది డెల్టా. స్ట్రైక్‌కు బాగా దిగువన ఉన్నప్పుడు కాల్ డెల్టా సున్నా దగ్గర ఉంటుంది. బాగా పైకి దాటాక ఒకటి అవుతుంది. ఆ సున్నా నుంచి ఒకటికి ఎంత వేగంగా చేరుతుందన్నదే గామా. గడువు నెల రోజులు ఉంటే ఈ ప్రయాణంలో ప్రధాన భాగం దాదాపు 1,700 పాయింట్ల మేర పరుచుకుని ఉంటుంది. నిఫ్టీ ఒక రోజులో 100 పాయింట్లు కదిలినా డెల్టా చెప్పుకోదగ్గట్టు మారదు. గడువు గంట మాత్రమే ఉంటే అదే ప్రయాణం 120 పాయింట్లలో ముగిసిపోతుంది. 120 పాయింట్లంటే అరశాతం కూడా కాదు. ఒక పెద్ద బ్యాంకు షేరు కాస్త గట్టిగా కదిలితే చాలు.

ఇప్పుడు ఆర్డర్ బుక్‌కు వద్దాం. 2.30కి నిఫ్టీ 25,060కి వచ్చింది. కాల్ ధర 25. నష్టం 5,400. 2.45కి నిఫ్టీ 25,100. కాల్ ధర 52. నష్టం 13,500. అతను అక్కడ కొని బయటపడ్డాడు. మొదటి 60 పాయింట్లకు 5,400 పోతే, తర్వాతి 40 పాయింట్లకే 8,100 పోయాయి. తక్కువ దూరానికి ఎక్కువ నష్టం.

అక్కడే అతని వేలు ఆగిపోయింది. "క్వాంటిటీ అదే 300 కదన్నా, నేనేం పెంచలేదే" అన్నాడు. పెంచలేదు, నిజమే. నేను కాగితం మీద ఇంకో వరస రాశాను: డెల్టాను 300తో గుణించి. 2.10కి డెల్టా 0.20, అంటే అతను అమ్మింది నిజానికి 60 నిఫ్టీలతో సమానం. 2.30కి డెల్టా 0.58, అంటే 174. 2.45కి 0.90, అంటే 270. ఒక్క ఆర్డరూ పెట్టకుండా అతని పొజిషన్ ముప్పావుగంటైనా గడవకముందే నాలుగున్నర రెట్లయింది. అదీ అతనికి వ్యతిరేకంగా ఉన్న దిక్కున మాత్రమే. నిఫ్టీ దిగి ఉంటే పొజిషన్ చిన్నదైపోయేది, లాభం 2,100 దగ్గరే ఆగేది. స్క్రీన్ మీద క్వాంటిటీ గడి మాత్రం మొదటి నుంచీ చివరి దాకా 300 అనే చూపించింది. ఆ గడిని నమ్ముకున్నవాడికి తన అప్పు పెరుగుతోందని ఎలా తెలుస్తుంది?

ఆ వరస చూశాక, ఎక్స్‌పైరీ రోజు జాగ్రత్తకు మనం వాడే కొలతలే సరిపోవని నాకు తెలిసింది. లాట్ల సంఖ్య కొలత కాదు. వచ్చిన ప్రీమియం అసలు కొలతే కాదు. నిఫ్టీ ఇంకో యాభై పాయింట్లు వెళ్తే నేను ఎన్ని నిఫ్టీలకు బాకీ పడతాను అన్నదొక్కటే కొలత.

మరి స్టాప్‌లాస్ సంగతి? పెట్టాడు. ప్రీమియం రెట్టింపు అయితే బయటికి రావాలని ట్రిగ్గర్ 14, లిమిట్ 15. మన దగ్గర 2021 సెప్టెంబరు నుంచి ఎన్ఎస్ఈ ఆప్షన్లలో స్టాప్‌లాస్ మార్కెట్ ఆర్డర్లు లేవు. లిమిట్ ఇచ్చి తీరాలి. ధర 13 నుంచి ఒక్క గెంతులో 17కి పోయింది. 14 దాటగానే ఆర్డర్ మేలుకుంది గానీ, 15కి అమ్మేవాళ్లు అప్పటికి ఎవరూ లేరు. ఆర్డర్ అలాగే వేలాడుతూ ఉండిపోయింది. అతను మీటింగులో మాట్లాడుతున్నాడు. స్టాప్‌లాస్ పెట్టాను కదా అన్న ధీమా. ఫోన్ చూసేసరికి 2.45. ఆర్డర్ బుక్‌లో ఆ వరస ఎదుట 'Complete' అని లేదు, 'Open' అని ఉంది. ఆ ఒక్క పదాన్ని గమనించి ఉంటే 20 దగ్గరో 25 దగ్గరో బయటపడేవాడు. నాలుగు రూపాయల గెంతు నెలాఖరు ఆప్షన్‌లో అరుదు. ఇక్కడ అది నిఫ్టీలో పది పాయింట్ల కదలిక మాత్రమే. ఆ పది పాయింట్లలో అతనిలాంటి వాళ్ల స్టాప్‌లాస్‌లు ఎన్నో ఒకేచోట మేలుకుంటాయి. అందరూ ఒకేసారి కొనాలి, అమ్మేవాడు పక్కకు తప్పుకుంటాడు.

ఆ రాత్రి అతను అడిగిన ఇంకో ప్రశ్న: ఆఖరి నిమిషం దాకా ఉండి ఉంటే నిఫ్టీ దిగొచ్చేదేమో కదా? దిగినా పెద్దగా ఒరిగేది కాదు. ఎక్స్‌పైరీ లెక్క 3.30కి స్క్రీన్ మీద కనబడిన ఆఖరి అంకె మీద కట్టలేదు. 3 నుంచి 3.30 దాకా నిఫ్టీలోని షేర్ల సగటు ధరల మీద కట్టారు. 3.25కి నిఫ్టీ ముప్పై పాయింట్లు పడి ఉంటే స్క్రీన్ మీద పండగలా ఉండేది, సగటు మాత్రం కొద్దిగానే కదిలేది. ఆఖరి పది నిమిషాల ఆశతో కూర్చునేవాళ్లు చాలామంది ఈ సంగతి పట్టించుకునేవారు కాదు.

ఆఖరి రోజు గామా ఎంత బలమైనదో పెద్ద చేతులకు మనకంటే బాగా తెలుసు. 2024 జనవరి 17, బ్యాంక్ నిఫ్టీ ఎక్స్‌పైరీ రోజు. ఆ రోజు జేన్ స్ట్రీట్ సంస్థ పొద్దున బ్యాంకు షేర్లు, ఫ్యూచర్లు పెద్దఎత్తున కొని, మధ్యాహ్నం వాటిని అమ్మేస్తూ, ఆప్షన్లలో భారీగా లాభపడిందని 2025 జూలై 3న సెబీ మధ్యంతర ఉత్తర్వులో ఆరోపించింది. ఆ ఒక్కరోజు ఆప్షన్ల లాభం 734.93 కోట్లని లెక్కగట్టింది. సంస్థ ఆరోపణను ఖండించింది, ట్రిబ్యునల్‌కు వెళ్లింది. అందులో తప్పొప్పులు తేల్చడం నా పని కాదు. నాకు అందులో కనబడేది ఒకటే. ఆఖరి రోజున ఇండెక్స్‌లో చిన్న కదలిక ఆప్షన్లో పెద్ద డబ్బు అవుతుందన్న లెక్క తెలిసి, కోట్లు పెట్టి కూర్చున్న సంస్థలున్న సంతలోనే, మా పైఅంతస్తు అబ్బాయి మీటింగు మధ్యలో నాలుగు లాట్లు అమ్ముతున్నాడు.

సెబీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఒకప్పుడు వారంలో ఐదు రోజులూ ఏదో ఒక ఇండెక్స్ ఎక్స్‌పైరీ ఉండేది. 2024 నవంబరు 20 నుంచి ఒక్కో ఎక్స్ఛేంజికి ఒకే వారపు ఇండెక్స్ మిగిలింది. ఎన్ఎస్ఈకి నిఫ్టీ, బీఎస్ఈకి సెన్సెక్స్. లాట్ విలువ పెంచారు. ఎక్స్‌పైరీ రోజు అమ్మేవాళ్ల మీద అదనంగా 2 శాతం మార్జిన్ వేశారు. ఇవి మంచివే. కానీ మార్జిన్ పెరిగినంత మాత్రాన గామా తగ్గదు. 2.10కి 60గా ఉన్నది 2.45కి 270 కావడాన్ని ఏ నిబంధనా ఆపదు.

ఆపగలిగేది ఒకటుంది, అది అమ్మేటప్పుడే చేయాలి. అదే 2.10కి 25,100 కాల్ ఒక రూపాయి చిల్లరకు దొరుకుతోంది. 25,050 అమ్మి, 25,100 కొని ఉంటే, చేతికొచ్చే ప్రీమియం ఆరు రూపాయల లోపే. కానీ నిఫ్టీ ఎంత పైకి పోయినా నష్టం 300కు 13,300 దాటదు. 2.45కే బయటపడితే తొమ్మిది వేల దగ్గర ఆగేది. ఆర్డర్ వేలాడినా, ఫోన్ చూసుకోకపోయినా, కరెంటు పోయినా ఆ హద్దు మారదు. చాలామంది ఈ రూపాయిని దండగ అనుకుంటారు. ఎనిమిది మంగళవారాలు దండగే. తొమ్మిదోది కాదు.

ఈ అబ్బాయికి ఆ రోజు పోయింది ఆరు మంగళవారాల లాభం. ఇంతకంటే చిన్న నష్టంతో ఈ పాఠం నేర్చుకున్నవాళ్లను నేను చూడలేదు, పెద్ద నష్టంతో నేర్చుకున్నవాళ్లను మా వీధిలోనే చూశాను. 2024-25లో ఎఫ్ అండ్ ఓలో దిగిన వ్యక్తులలో 91 శాతం మంది నష్టపోయారని, అందరిదీ కలిపి నికర నష్టం 1,05,603 కోట్లని సెబీ లెక్క తీసింది.

జీతం మీద బతుకుతూ, మంగళవారం మధ్యాహ్నం మీటింగుల మధ్య కాల్ ఒక్కటే అమ్మి పక్కన ఇంకోటి కొనకుండా వదిలేసే పని ఎవరూ చేయకూడదని నా అభిప్రాయం. అయినా చేస్తామంటే, అమ్మే బటన్ నొక్కకముందు ఒక కాగితం తీసుకోండి. నిఫ్టీ యాభై పాయింట్లు మీకు వ్యతిరేకంగా వెళ్తే డెల్టా ఎంతవుతుందో రాసి, మీ క్వాంటిటీతో గుణించండి. వచ్చిన సంఖ్య చూసి, అన్ని నిఫ్టీలు ఇప్పుడే అమ్మడానికి మీకు ధైర్యముంటేనే నొక్కండి.